దిగే ముందా, తీసినంకనా

పత్తర్‌గట్టి ఎనుక గల్లీల ఒక ప్రెస్సు ఉండె. అండ్ల నేను ప్రూఫులు సదివే పని చేసిన. మా ఇంట్ల అందరికి బర్లు, పాలు, గడ్డి తప్ప వేరే లోకం లేకుండె. ఇంటర్ పాసైంది నేనొక్కదాన్నే. అందుకని మా బాపు నన్ను పాల క్యాన్ల కాడికి రానియ్యకపోతుండె. బిడ్డ కూసొని చేసే నౌకరీ చేస్తున్నదని గల్లీ గల్లీకి చెప్పుకున్నడు. కూసునుడు మాట నిజమే. సీసం, ఇంకు, ఫారాలు కడిగిన గ్యాసునూనె, గివన్ని ఒంటికి పట్టి ఇంటికి పోతె, తానం చెయ్యంది మా అమ్మ పొయ్యి కాడికి రానియ్యకుండె.

ప్రెస్సు ముంగటి అర్రల ఉర్దూ పని నడిచేది. ఎనుక అర్రల మా తెలుగు పని. మాలిక్‌ను అందరం సేఠ్ సాబ్ అనేటోళ్ళం. ఆయనకు తెలుగు సదువ రాదు. రాకున్నా, కట్టిన పేజీ మీద వేలు పెట్టి నడిపిస్తె ఏ లైను వదులుగున్నదో చెప్పేటోడు. మంచోడే. గని మంచితనం ఒక దిక్కు, మిషిన్ ఖాళీగ ఉండుడు ఒక దిక్కు. మిషిన్ ఆగిందంటె ఆయన మొఖం చూడబుద్ధి కాకపోయేది.

నా పైన పెద్దసారు ఉండె. బడిల తెలుగు చెప్పి రిటైరై వచ్చినాయన. మా ఇద్దరి పని ఎట్లంటె, రాసినాయన చేతిరాత నేను పట్టుకొని గట్టిగ సదవాలె. కామా వస్తె కామా అని, ఫుల్‌స్టాప్ వస్తె ఫుల్‌స్టాప్ అని, పేరా మారితె పేరా అని. ఆయన ప్రూఫు ముంగట పెట్టుకొని నా నోటెంబడి పోయేటోడు. తేడా వస్తె పక్క జాగల గుర్తు పెట్టేటోడు. పొద్దంత గిదే. మాపటికి నా గొంతు బొంగురువోయేది. ఇంట్ల నేను మాట్లాడితె కూడ మా తమ్ముడు ‘ఫుల్‌స్టాప్ మర్చిపోయినవ్’ అని ఎక్కిరిచ్చేటోడు.

అక్షరం తప్పు దిద్దుడు ఎవరైనా చేస్తరు. ఒత్తు ఊడిపోయిందా, ఒకటే మాట రెండుసార్లు పడ్డదా, దిద్దు, పో. మెలికపడ్డ వాక్యం అయితె కూడ, దానికి ఒకటే అర్థం ఉండి, కొత్తది కలుపకుండ, ఉన్నది తీసెయ్యకుండ సాపు చెయ్యొస్తె చెయ్యి. పెద్దసారు నాకు నేర్పిన తరీక గిది. నువ్వు దిద్దినంక రాసినోడు సదివి ‘అవును, నేను గిదే రాసిన’ అనుకోవాలె, దిద్దిండ్రన్న సంగతే ఎరుక కావొద్దు అనేటోడు. దాన్ని సాపు చెయ్యనీకె నీకు తెల్వని సంగతి ఒకటి గావల్సి వస్తె మాత్రం కలం కింద పెట్టు. ఆ సంగతి రాసినోని కాడ ఉంటది, నీ కాడ ఉండది. పోయి అడుగు.

అడుగుడు అంటె అంత సులువు గాదు. మా కాడ తెలుగు సీసం అక్షరాలు తక్కువ. పేజీ కట్టి నిలవెడితె, అండ్లున్న అక్షరాలన్ని అండ్లనే ఇరుక్కపోతయి. అచ్చైనంకనే ఇప్పి మళ్ళ పెట్టె గళ్ళల్ల ఏసుకునేది. ఒక్క వాక్యం కోసం పేజీ ఆగితె, పక్క పనికి ఒత్తులు దొరకక అక్షరాలు కూర్చే కంపోజిటర్ చేతులు కట్టుకొని కూసుంటడు. గీ అడుగుడు మీదికెల్లి ఒకపారి పెద్ద ఆగమే అయింది. ఒక భజనల పుస్తకం ప్రూఫుల నాకంటె ముందు పనిచేసినాయన అనుమానం వచ్చి పక్కకు ‘గిది ఎవలన్నరు, అడగాలె’ అని రాసిండు. రాసి దాని సుట్టూ గీత గియ్యలే. సుట్టూ గీత ఉంటె అది కంపోజిటర్‌కు గాదు, రాసినాయనకు అని లెక్క. గీత లేకపోయేసరికి కంపోజిటర్ దాన్ని కూడ కూర్చిండు. భజన నడుమల ‘గిది ఎవలన్నరు, అడగాలె’ అని అచ్చైంది. గుడి కాడ జనం తాళం కొట్టుకుంట గది కూడ పాడిండ్రని చెప్పి మేం కడుపు పట్టుకొని నవ్వేటోళ్ళం. సేఠ్ సాబ్ మాత్రం నవ్వలే. ప్రూఫు మీద అడిగే మాటలు రాసుడు బంద్, వేరే చీటీ మీద రాయుండ్రి అన్నడు. అసలు రాయకుంటెనే ఇంక మంచిది అన్నడు.

ఒక అమ్మ పుస్తకం మా కాడికి వచ్చింది డెబ్బైలు అయిపొయ్యే కాలంల. చర్చి బడిల పంతులమ్మగ చేసి రిటైరైంది. సన్నటి మనిషి, తెల్లచీర, మాట మెల్లగ. కొడుకు సర్కారు కార్ఖానల పని చేస్తుండె. చాన ఏండ్ల కింద నూనె ట్యాంకు కడగనీకె దింపిండ్రు, లోపట గాలి చెడి పోయిండు. పెండ్లి గాలేదు. ఆ పిలగాని మీద ఆమె చిన్న పుస్తకం రాసుకున్నది. వాడు పుట్టుడు, నడుచుడు, బడికి పోనని మంచం కింద దాసుకునుడు, కార్ఖానల దోస్తులు, అన్ని. చర్చిల జ్ఞాపక కూడికనాడు పంచాలెనని ఆమె ఆశ. దాని కోసం పైసా పైసా కూడవెట్టుకున్నదని వేరే చెప్పాల్నా.

రాత ముత్యాల తీరు ఉండె. పంతులమ్మ గదా. గిసుంటి చేతిరాత వస్తె మాకు పండుగ. సదువుకుంట పోతుంటె నేను నవ్విన, ఏడ్సిన, పెద్దసారు ‘కామా అన్నవా, ముక్కు చీదినవా’ అని అడిగిండు.

మొదటి భాగంలనే ఆమె రాసింది, ‘ట్యాంకు లోపలే ప్రాణం పోయింది. బాధ పడలేదు.’ అది సదివి మేం ముందుకు పోయినం. ఇరవై పేజీల తర్వాత దోస్తుల సంగతి రాసే కాడ, ఇంకో ముచ్చట నడుమ ఒక్క వాక్యం వచ్చింది. ‘బయట నేల మీద పడుకోబెడితే నీళ్ళు అడిగినాడు.’ దాని ముందు ఏం లేదు, ఎనుక ఏం లేదు. ఎప్పుడు పండవెట్టిండ్రు, ఎవలను అడిగిండు, ఏం లేదు. తర్వాతి వాక్యం ఆ దోస్తు పెండ్లి గురించి.

నేను సదివి ఆగిన. పెద్దసారు ఆగలే. ప్రూఫు మీద ‘బయట నేల మీద పడుకోబెడితే’ అన్నది కొట్టేసి, పైన ‘దిగే ముందు’ అని రాసిండు. దిగే ముందు నీళ్ళు అడిగినాడు. సాపుగ అయిపోయింది. రాసి ‘పోదాం పా’ అన్నడు.

నాకు ఒళ్ళు మండింది. సారూ, గది మనకెట్ల ఎరుక అన్న. లోపల పానం పోయినోడు బయట ఎట్ల అడుగుతడు, అంటె దిగేముందే గదా అన్నడు. మరి నేల మీద పండవెట్టుడేంది, దిగేటోన్ని ఎవలన్న పండవెడ్తరా అన్న. దుఃఖంల ఉన్న మనిషి ముందుది ఎనుక, ఎనుకది ముందు రాస్తది, మనం సర్దాలె అన్నడు. అట్లయితె మొదటిదే తప్పు కావొచ్చు గదా అన్న. రెండు మాటలు పడతలేవు, రెండిట్ల ఏది నిజమో చెప్పేటిది ఆమె ఒక్కతే, మనం ఒకదాన్ని సంపుకుంటె ఎట్ల అన్న. అంత జోరుగ అన్ననని అప్పుడు ఎరుకలేదు. అటు అర్రలకెల్లి ఉర్దూ రాసేటాయన కలం ఆపి తొంగి చూసిండు.

సేఠ్ సాబ్ లేసి వచ్చిండు. సంగతి విని తల పట్టుకున్నడు. కొడుకు పోయిన తల్లి కాడికి పోయి నీ కొడుకు లోపట సచ్చిండా, బయట సచ్చిండా అని అడుగుతవా, నీకేమన్న దిమాగ్ ఉన్నదా అన్నడు. పేజీలు కట్టి ఉన్నయి, ఒత్తులన్ని గండ్లనే ఉన్నయి, కూడిక దగ్గరికొచ్చింది, జానే దో బేటీ అన్నడు. ఆయన అన్నదాంట్ల ఒక్క మాట కూడ తప్పు లేకుండె. గందుకే నాకు ఇంక కోపం వచ్చింది.

ఆయన పోయినంక పెద్దసారు అద్దాలు తీసి తుడుసుకున్నడు. తర్వాత నా దిక్కు చూడకుండనే మెల్లగ అన్నడు.

“నాకు సమజ్ కాలేదనుకున్నవా? సమజ్ అయింది గనుకనే దిద్దిన.”

ఆయన వాక్యాన్ని సాపు చెయ్యలే. ఆ తల్లిని కాపాడుదామనుకున్నడు. పిలగాడు బయటికొచ్చినంక పానంతోటి ఉన్నడు, నీళ్ళడిగిండు, ఎవలు పట్టించుకోలే, తర్వాత పోయిండు. ఆ ఒక్క లైనుల గిదంత ఉన్నది. ఆమె రాసిందే గని ఆమెకే తెల్వదు, తెలిస్తె మొదటి దాన్ని అట్ల రాయకపోయేది అన్నడు. తెల్వని దాన్ని మనం పోయి తెలుపుడేంది, నాలుగు మాటలు మారిస్తె ముసలామె సుఖంగ నిద్రపోతది అన్నడు.

నేను ఎదురు చెప్పిన. ఎరుకై రాసిందేమో, మీకెట్ల తెలుసు అన్న. రేపు పుస్తకం చేతికొచ్చినంక ఆమె ఆ లైను కోసమే చూసిందనుకోండ్రి, ‘దిగే ముందు’ అని ఉంటె? నా కొడుకు ఆఖరి మాట ప్రెస్సోళ్ళు తిన్నరని అనుకోదా? మీరే చెప్పిండ్రు గదా, రాసినోడు ‘గిది నేను రాసిందే’ అనుకోవాలెనని. అనుకుంటదా? పెద్దసారు కొట్టేసినదాని కింద చుక్కలు పెట్టిండు. కొట్టేసింది మళ్ళ ఉండనియ్యి అని మా గుర్తు అది. ‘దిగే ముందు’ మీద గీత గీసిండు. పోతె పో అన్నడు. గని ఒకటి యాదుంచుకో, రెండు జాగలు ముంగట పెట్టు, ఏది ఉంచాలెనని మాత్రమే అడుగు, జవాబు నువ్వు ఆమె నోట్ల పెట్టకు. గట్ల పెడితె నేను చేసినదానికి, నువ్వు చేసినదానికి ఫరక్ ఉండదు అన్నడు.

ఆమె జల్‌పల్లి దిక్కు చిన్న ప్లాటుల రెండు అర్రలు ఏసుకొని ఉంటుండె. బస్సు దిగి ఎండల చాన దూరం నడిచిన. సుట్టూ రాళ్ళు, ముండ్ల కంప, అక్కడక్కడ కడ్తున్న గోడలు. నడుసుకుంటనే నన్ను నేను తిట్టుకున్న. సేఠ్ సాబ్ చెప్పింది వినొచ్చు గదా, పెద్దసారుకన్న నీకు ఎక్కువ తెలుసా, పాలు పిండుకునేటోళ్ళ పిల్లవు నీకెందుకే గీ లొల్లి అని. మర్లిపోదామని ఒకపారి నిలవడ్డ కూడ. సంచిల ప్రూఫులు ఉండె. పోయిన.

ఆమె నన్ను చూసి మస్తు సంబురపడ్డది. పుస్తకం అయిపోయిందనుకున్నది. ఇంక కాలేదమ్మా, ఒక చిన్న సంగతి అడగాలె అన్న. కూసోనీకె సాప పరిచింది. చాయ్ పెడ్తనన్నది, వద్దన్న. రెండు పేజీలు ఆమె ముంగట పక్క పక్కకు పెట్టిన. రెండు లైన్లకు పక్కన పెన్సిల్ గీతలు ఉండె. చీటీ మీద నేను రాసింది గింతే, ‘ఈ రెండు చోట్ల ఏది ఉంచాలె?’ నోటితోటి ఏం చెప్పలే.

ఆమె అద్దాలు పెట్టుకొని మొదటిది సదివింది. రెండోది సదివింది. మొదలు ఆమె మొఖంల వచ్చింది సిగ్గు. పంతులమ్మ గదా, తప్పు దొరికిందని. అయ్యో, ఎంత పని చేసిన బిడ్డా, పిల్లలు గిట్ల రాస్తె నేనే తిట్టేదాన్ని అని నా చేతిలున్న పెన్సిల్ అందుకున్నది. కొట్టేద్దామని రెండో లైను మీద పెట్టింది.

పెన్సిల్ కదలలే.

మళ్ళ మొదటి పేజీ చూసింది. మళ్ళ రెండోది. నేను ఆమె మొఖం చూడలేక నేల చూసిన. బయట ఎవలో తట్టలకెల్లి కంకర ఒంపుతున్న చప్పుడైతున్నది. ఆమె నన్ను గాదు, ఎవలనో అడిగినట్టు అడిగింది.

“అంటె లోపట పానం పోలేదా?”

నేనేం చెప్పాలె? నాకేం తెలుసు? తెల్వదమ్మా, మీరు రాసిందే నేను తెచ్చిన అన్న.

అప్పుడు ఆమె చెప్పింది. లోపటనే పానం పోయింది అన్న మాట ఆ దినం కార్ఖాన ఆఫీసరు చెప్పిండు. బాధ పడలేదమ్మా అని భుజం మీద చెయ్యి పెట్టి మరీ చెప్పిండు. ఆ మాట పట్టుకునే ఇన్నేండ్లు బతికింది. నీళ్ళ సంగతి చెప్పింది వేరే మనిషి, ఆ దినం తాడు పట్టుకున్న హెల్పరు. చాన ఏండ్ల తర్వాత, తనకు పానం బాగలేనప్పుడు వచ్చి గా గడప కాడ కూసొని ఏడ్చుకుంట చెప్పి పోయిండు. ట్యాంకు పక్కనే నేల మీద పండవెట్టినం, దవాఖాన బండి వచ్చేదాక కదిలియ్యొద్దన్నరు, నీళ్ళడిగిండు అని చెప్పిండట. ఆమెకు ఆ నీళ్ళ మాట ఒక్కటే మనసుల పడ్డది. కొడుకు ఆఖరి మాట దొరికిందనుకున్నది. దొరికిన సంబురంల దాన్ని తీసుకపోయి పుస్తకంల పెట్టుకున్నది.

“రెండూ నాకు ఎరుకే బిడ్డా. ఎన్నడు పక్క పక్కకు పెట్టి చూడలే” అన్నది.

ఎంతసేపు ఉండి ఉంటడు అని అడిగింది. బండి ఎంతసేపటికి వచ్చి ఉంటది అని అడిగింది. ఆ హెల్పరు ఉంటె అడుగుదమంటె ఆయన కూడ పోయె అన్నది. నేను ఆమె చెయ్యి పట్టుకున్న. చల్లగ ఉన్నది. నాకు ఏడ్పు ఆగలే. పెద్దసారు చెప్పిందే నిజమైందని, ఈమె నిద్ర నేనే తీసుకున్ననని నాకు సమజయింది. ఆయన నాలుగు మాటలు మార్చి ఆమెను కాపాడేటోడు. నేను బస్సెక్కి వచ్చి మరీ పొడిచిన. గిప్పటికి ఎవలన్న నన్ను, నువ్వు చేసింది కరెక్టేనా అని అడిగితె కరెక్టే అంట. అన్న ప్రతిసారి ఆమె చెయ్యి యాదికొస్తది.

అమ్మా, మీకు ఇష్టమైతె రెండోది తీసేద్దాం, ఎవలకు తెల్వదు అన్న. పెద్దసారు జవాబు నోట్ల పెట్టకన్నడు, నేను పెట్టిన. నాతోని గాలే. ఆమె తల అడ్డం తిప్పింది.

కండ్లు తుడుసుకోలేదు, తడి కూడ లేకుండె. పెన్సిల్ సరిగ పట్టుకున్నది. మొదటి పేజీల ‘ట్యాంకు లోపలే ప్రాణం పోయింది. బాధ పడలేదు’ అన్నదాన్ని ఒకటే గీతతోటి కొట్టేసింది. బడిల నోటుబుక్కు దిద్దినట్టు, తిన్నగ. పక్కన ‘లోపలే పోయినాడని మాకు చెప్పినారు’ అని రాసింది. రెండో పేజీల నీళ్ళ లైను ముట్టలే. దాని తర్వాత ఇంకో లైను కలిపింది. గదే ముత్యాల రాత. ‘పడుకోబెట్టిన చోటు నుంచి నల్లా కనబడుతుంది.’

నేను సదివి ఆమె దిక్కు చూసిన. మీరు ఆ జాగ చూసిండ్రా అని అడిగిన.

“ఆ దినం నన్ను గా ట్యాంకు పక్కనే కూసోవెట్టిండ్రు. గా నల్లా నీళ్ళే గ్లాసుల పట్టుకొచ్చి, తాగమ్మా తాగమ్మా అన్నరు” అన్నది. పెన్సిల్ నాకిచ్చి, “తాగిన” అన్నది.

పేజీలు మడతలు పడకుండ సర్ది నా చేతిల పెట్టింది. అద్దాలు తీసి డబ్బల పెట్టుకున్నది. ఇంక ఏమన్న అడిగేది ఉన్నదా బిడ్డా అన్నది. లేదమ్మా అన్న. ఉంటె గిప్పుడే అడుగు, మళ్ళొకపారి నాతోని గాదు అన్నది.